రీల్స్‌కి రెండు నెలల గడువు

చిన్న వీడియోలను రెండు నెలలు చేసి చూద్దామని సంస్థలోని మార్కెటింగ్ ఉద్యోగి తన మేనేజర్‌కి రాసే ప్రతిపాదనలో మూడు విషయాలు తేలాలి. ఎంత ఖర్చవుతుంది, ఏ తేదీకి ముగుస్తుంది, ఏ అంకె ఎంత దగ్గర ఉంటే కొనసాగించాలి లేదా ఆపాలి. వీడియోలకు ఇప్పుడు ఎంత ఆదరణ ఉందో చెప్పే కాగితం కాదిది. మేనేజర్ కూడా రోజూ రాత్రి ఫోన్‌లో అవే చూస్తాడు, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన్ని ఆపేది వేరే భయం. ఒకసారి మొదలైతే ఈ ఖర్చుకు అంతెక్కడ, ఫలితం వచ్చిందో లేదో తేల్చేదెవరు అన్నదే ఆ భయం.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. కొద్ది రోజుల్లోనే, జులైలో, ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను మొదట భారత్‌లోనే పరీక్షకు పెట్టింది. అప్పటి నుంచి చిన్న కంపెనీల్లో సైతం మనం కూడా రీల్స్ చేయొచ్చు కదా అన్న మాట వినబడుతూనే ఉంది. చాలాచోట్ల అది పద్ధతి లేకుండా మొదలై, నాలుగు వీడియోల తర్వాత ఎవరికీ చెప్పకుండానే ఆగిపోతుంది. ఆగిపోయినందుకు కారణం తెలియదు, పనిచేసిందో లేదో అంతకన్నా తెలియదు. గడువు, కొలత రెండూ ఉన్న ప్రయోగానికైతే విఫలమైనా ఒక జవాబు మిగులుతుంది.

ఉదాహరణకు గుంటూరు దగ్గర పచ్చళ్లు, పొడులు తయారుచేసి నేరుగా ఇళ్లకు పార్సిల్ పంపే ఒక మధ్యతరహా సంస్థను ఊహించుకోవచ్చు. వాట్సాప్, ఫోన్, వెబ్‌సైట్ అన్నీ కలిపి నెలకు 1,200 ఆర్డర్లు వస్తాయి. సగటు ఆర్డరు 750 రూపాయలు. అందులో సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోగా సంస్థకు 200 మిగులుతుంది. మార్కెటింగ్ పని ఒక్కరే చూస్తారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది కానీ అందులో పండగ శుభాకాంక్షల పోస్టర్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఈ అంకెలన్నీ కేవలం ఉదాహరణ కోసం. వాటి స్థానంలో ఏ సంస్థ అయినా తన లెక్కలు పెట్టుకోవచ్చు.

మొదట తేల్చాల్సింది ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. పచ్చళ్ల వ్యాపారంలో ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మొదటి దాకా ఆవకాయ కాలం. ఆ నెలల్లో ఎవరు ఏం చేసినా, ఏమీ చేయకపోయినా ఆర్డర్లు పెరుగుతాయి. అప్పుడు వీడియోలు పెడితే ఆ పెరుగుదల అంతా వీడియోల ఖాతాలోకి వెళ్తుంది. ఆవకాయ ముగిసిన జూన్ చివర్లో మొదలుపెడితే కాలం తగ్గినందువల్ల పడిన అమ్మకాలకు వీడియోలు నింద మోస్తాయి. జులై, ఆగస్టు కొంత నయం. అయితే అప్పుడు ఇంకో వల ఉంది. అమెరికాలో ఆగస్టులో తరగతులు మొదలవుతాయి కాబట్టి చదువుకోవడానికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఆ రెండు నెలల్లోనే పచ్చళ్లు, పొడులు కిలోల లెక్కన విమాన ప్రయాణపు ప్యాకింగ్‌తో కొంటారు. ఆ ఆర్డర్లను విడిగా గుర్తించి లెక్కలోంచి తీసేయకపోతే మళ్లీ అదే తప్పు. అందువల్ల ఈ సంస్థకు తగిన కాలం జులై, ఆగస్టు నెలల్లోని ఎనిమిది వారాలు, విదేశీ ప్యాకింగ్ ఆర్డర్లు మినహా. ప్రతిపాదనలో ఈ రెండు వాక్యాలుంటే, రాసిన మనిషికి వ్యాపారం తెలుసన్న నమ్మకం మేనేజర్‌కి అక్కడే కలుగుతుంది.

తర్వాత ఖర్చు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు తక్కువ చేసి చూపడం. ఫోన్ ఉంది కాబట్టి పెద్ద ఖర్చేమీ లేదని రాస్తారు. నిజంగా వేసి చూస్తే ఫోన్ స్టాండు, చొక్కాకి తగిలించే మైకు, రెండు లైట్లు కలిపి 9,000. వీడియోలు కత్తిరించి, తెలుగు అక్షరాలు వేసే ఎడిటర్‌కి నెలకు 15,000 చొప్పున 30,000. వీడియోలను ఎక్కువ మందికి చేర్చడానికి యాప్‌లకు కట్టే బూస్ట్ డబ్బు 40,000. చిత్రీకరణలో వాడే సరుకు, గిన్నెలు, జాడీలకు 5,000. ఇంతవరకు 84,000 అయింది. దీనికి మార్కెటింగ్ ఉద్యోగి సమయం కలపాలి. 40,000 జీతంలో సగం సమయం రెండు నెలలు దీనికే పోతే అది మరో 40,000. మొత్తం 1,24,000.

జీతాన్ని కలపడం చాలామందికి నచ్చదు. ఎలాగూ ఇచ్చేదే కదా అంటారు. కానీ ఆ సగం సమయంలో జరగాల్సిన పనులు ఆగుతాయి. పాత కొనుగోలుదారులకు వాట్సాప్‌లో పంపే నెలవారీ సందేశం ఆలస్యమవుతుంది, దుకాణాలకు పంపే కొత్త ధరల పట్టిక వెనక్కి జరుగుతుంది. ఆ రెండు నెలల్లో ఏ పనులు ఆగుతాయో, వాటిని ఎవరు చూస్తారో ప్రతిపాదనలో పేరు పెట్టి రాయడం నిజాయతీ. రాయకపోతే మూడో వారంలో మేనేజర్ ధరల పట్టిక ఏదని అడుగుతాడు, ఆ వారం వీడియోలు మానేస్తారు, అక్కడి నుంచి ప్రయోగం కుంటుతుంది.

ఖర్చు తేలాక, ఎంత వస్తే గిట్టినట్టన్న లెక్క వస్తుంది. ఒక ఆర్డరుకు 200 మిగిలితే 1,24,000 తిరిగి రావడానికి 620 అదనపు ఆర్డర్లు కావాలి. నెలకు 1,200 ఆర్డర్ల సంస్థకు రెండు నెలల్లో అంత అదనం రావడం కష్టం. ఈ అంకె చూసే చాలా ప్రతిపాదనలు మూలన పడతాయి. కానీ పచ్చడి ఒకసారి కొని వదిలేసే వస్తువు కాదు. సంస్థ ఆర్డర్ల పుస్తకం తిరగేస్తే, నిరుడు జులై, ఆగస్టుల్లో మొదటిసారి కొన్నవాళ్లు ఆ తర్వాతి పన్నెండు నెలల్లో మొత్తం ఎన్నిసార్లు కొన్నారో తెలుస్తుంది. సగటున మూడుసార్లు అనుకుంటే ఒక కొత్త కొనుగోలుదారు ఏడాదిలో 600 మిగిలిస్తాడు. అప్పుడు కావాల్సింది 620 ఆర్డర్లు కాదు, దాదాపు 210 మంది కొత్తవాళ్లు.

ఈ మార్పు మీదే ప్రతిపాదన మొత్తం నిలబడుతుంది. కొలవాల్సింది ఆర్డర్లను కాదు, అంతకుముందు ఎప్పుడూ కొనని మనుషులను. దాన్ని తేల్చడం కూడా తేలికే. ఆర్డరు చేసిన ఫోన్ నంబరు పాత పుస్తకంలో ఉందా లేదా అని చూస్తే చాలు. వీడియో చూసి వచ్చినవాళ్లు పాతవాళ్లంత నమ్మకంగా మళ్లీ మళ్లీ కొనకపోవచ్చు. ఎవరో బంధువు చెప్తే వచ్చిన మనిషి, వేలితో తెర జరుపుతూ వచ్చిన మనిషి ఒకటి కాదు. అందుకని మూడుసార్లు అన్నది ఒక అంచనా అని, ఆరు నెలల తర్వాత నిజంగా ఎంతమంది మళ్లీ కొన్నారో చూసి సరిదిద్దుతామని అక్కడే ఒక వాక్యం ఉండాలి.

ఈ మనిషి వీడియో చూసే వచ్చాడని తెలుసుకోవడం మాత్రం అంత తేలిక కాదు. చిన్న వీడియోల్లో కొనుగోలు లింకు పెట్టడం కష్టం. ఇన్‌స్టాగ్రామ్ వివరణలో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్‌లోకి వెళ్లాలి. యూట్యూబ్ 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణల్లోనూ వ్యాఖ్యల్లోనూ పెట్టే లింకులను నొక్కడానికి వీల్లేకుండా చేసింది. మోసపు లింకులు పెరిగినందువల్ల చేశారది. ఫలితంగా వీడియో చూసినవాళ్లలో చాలామంది పేరు గుర్తుపెట్టుకుని, మర్నాడు గూగుల్‌లో వెతికి, వాట్సాప్‌లో రాస్తారు. కంప్యూటర్ లెక్కల్లో ఆ మనిషి గూగుల్ నుంచి వచ్చినట్టే కనిపిస్తాడు.

అందుకే ఒక్క కొలత మీద ఆధారపడకుండా రెండు వాడాలి. మొదటిది గుర్తుమాట. వీడియోలో నోటితో చెప్పి, తెర మీద చూపించే చిన్న కోడు అది. ఆర్డరులో ఆ కోడు చెప్పినవాళ్లకు ఒక చిన్న కందిపొడి పొట్లం ఉచితం. ధర తగ్గించడం కన్నా పొట్లం ఇవ్వడమే మేలు, ఎందుకంటే తగ్గింపు కోడ్లు కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోకి ఎగిరిపోతాయి, పాత కొనుగోలుదారులు కూడా వాడేసుకుంటారు. పొట్లం ఖర్చు పైన చెప్పిన 200 మిగులులోంచి ముందే తీసేసి ఉంచాలి. ప్రొఫైల్‌లో పెట్టే వాట్సాప్ లింకులో సందేశాన్ని కూడా ముందే నింపి ఉంచవచ్చు. నొక్కి ఆ సందేశాన్ని పంపగానే ఆ మాట ఆర్డర్ల సిబ్బందికి కనబడుతుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=REEL%20chusi%20vachanu
```

రెండోది అడగడం. ఫోన్‌లో గానీ వాట్సాప్‌లో గానీ ఆర్డరు తీసుకునేవాళ్లు ప్రతి కొత్త మనిషినీ ఒకే మాట అడగాలి. “మా గురించి మీకెలా తెలిసిందండీ?” అంతే. “మా వీడియో చూశారా?” అని అడిగితే మర్యాద కోసమైనా చాలామంది చూశామంటారు. జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. రద్దీ రోజుల్లో సిబ్బంది ఈ ప్రశ్న మరచిపోతారు. దాన్ని తప్పుగా చూడకుండా, వారానికోసారి కొత్త ఆర్డర్లలో ఎన్నింటికి జవాబు నమోదైందో చూడాలి. పదింట ఎనిమిది కన్నా తగ్గితే ఆ వారం అంకెను పెద్దగా నమ్మనక్కర్లేదు. కోడు చెప్పి, అడిగినప్పుడు కూడా వీడియో అని చెప్పిన మనిషిని ఒక్కసారే లెక్కించాలి.

ఈ ప్రశ్నను వీడియోలు మొదలవడానికి రెండు వారాల ముందే అడగడం మొదలుపెట్టాలి. ఇప్పటికే ఉన్న పేజీ చూసి వచ్చేవాళ్లు కొందరుంటారు. ఆ రెండు వారాల్లో పదిమంది ఇన్‌స్టాగ్రామ్ అన్నారనుకుంటే, ఎనిమిది వారాలకు నలభై మంది ఎలాగూ వచ్చేవాళ్లే. చివర్లో వచ్చిన అంకెలోంచి ఆ నలభై తీసేయాలి. ముందే మొదలుపెట్టని ప్రయోగాల్లో ఈ తీసివేత ఎన్నటికీ చేయలేరు. ఆ తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా ఆ రెండు వారాలు తిరిగి రావు.

ఇక యాప్‌లు చూపించే అంకెలు. వ్యూస్ అనే పెద్ద అంకెను ఈ ప్రతిపాదనలో విజయానికి కొలతగా పెట్టకూడదు. అందుకు బలమైన కారణం ఒకటుంది. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, దాన్ని ఒక వ్యూగా లెక్కిస్తోంది. మళ్లీ మొదటి నుంచి ఆడినా లెక్కే. అంతకుముందు కొంతసేపు చూస్తేనే లెక్కించేవారు. ఆ రోజు నుంచి చూసే జనం ఒక్కరూ పెరగకపోయినా అంకెలు పెరిగాయి. పాత లెక్క ఇప్పటికీ విడిగా కనిపిస్తుంది కానీ వీడియో కింద ప్రజలకు కనిపించేది కొత్త అంకె. పాత వీడియోలను కొత్తవాటితో పోల్చి వ్యూస్ రెట్టింపయ్యాయని రాసే నివేదికలు ఈ మార్పును గమనించకుండానే రాస్తారు.

వ్యూస్‌లో ఇంకో చిక్కుంది. ఇరవై నాలుగు వీడియోలు పెట్టారనుకుంటే ఒకటి ఎందుకో ఎగిరి 1,80,000 మందికి చేరవచ్చు. మిగతా ఇరవై మూడు తలా 1,500 దగ్గర ఆగవచ్చు. సగటు తీస్తే వీడియోకి దాదాపు 9,000 అని వస్తుంది. ఒక్క వీడియో కూడా 9,000 దగ్గర లేదు. అన్నిటినీ పెద్ద నుంచి చిన్నకు వరుసగా పేర్చి నడిమిది ఎంతో చూస్తే 1,500 అని నిజం బయటపడుతుంది. పైగా ఆ ఎగిరిన వీడియోను చూసినవాళ్లు భోపాల్‌లోనో ఢాకాలోనో ఉన్నారేమో, తెలుగు పచ్చడి కొనేవాళ్లేనా అన్నది చూడాలి. నగరాల వారీగా ఎక్కడి నుంచి చూశారో రెండు యాప్‌లూ చూపిస్తాయి.

యాప్ అంకెల్లో పనికొచ్చేవి లేకపోలేదు. ఎంతమంది వీడియో దగ్గర ఆగారు, ఎంతమంది వెంటనే పైకి తోసేశారు అన్న నిష్పత్తిని యూట్యూబ్ ఇస్తుంది. సగటున ఎన్ని సెకన్లు చూశారో ఇన్‌స్టాగ్రామ్ కూడా ఇస్తుంది. ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది మరొకరికి పంపారు అన్నవి వంటల వీడియోల్లో మంచి సూచనలు. అయితే ఇవన్నీ వీడియోలను బాగుచేసుకోవడానికి, ప్రయోగం గెలిచిందో ఓడిందో తేల్చడానికి కాదు. ప్రతిపాదనలో ఈ రెండు రకాల అంకెలకూ వేర్వేరు చోట్లు ఉండాలి. తీర్పు చెప్పే అంకె ఒక్కటే, కొత్త కొనుగోలుదారుల సంఖ్య.

దాన్ని సరిచూడటానికి ఒక ఉపాయముంది. బూస్ట్ డబ్బును కొన్ని ఊళ్లలోనే ఖర్చుపెట్టి, అలాంటివే మరికొన్ని ఊళ్లను వదిలేయడం. ఈ సంస్థ విజయవాడ, వరంగల్, కర్నూలు, నెల్లూరుల్లో బూస్ట్ చేసి, రాజమహేంద్రవరం, కరీంనగర్, అనంతపురం, ఒంగోలులను వదిలేసిందనుకుందాం. హైదరాబాద్ ఆర్డర్లు మిగతా ఊళ్లను ముంచేసేంత ఎక్కువ కాబట్టి దాన్ని ఏ వైపూ చేర్చలేదు. పార్సిల్ చిరునామా మీది పిన్ కోడు చూసి ఏ ఊరో తెలుసుకోవచ్చు.

బూస్ట్‌కి ముందు ఎనిమిది వారాల్లో మొదటి నాలుగు ఊళ్ల నుంచి 640 ఆర్డర్లు, వదిలేసిన ఊళ్ల నుంచి 600 వచ్చాయి. ప్రయోగం జరిగిన ఎనిమిది వారాల్లో మొదటివి 736 అయ్యాయి, రెండోవి 630 అయ్యాయి. 96 పెరిగాయని సంబరపడే ముందు, ఏ బూస్టూ లేని ఊళ్లలో కూడా నూటికి ఐదు పెరిగిన సంగతి చూడాలి. ఆ లెక్కన బూస్ట్ చేసిన ఊళ్లు ఎలాగూ 672కి చేరేవి. అదనంగా వచ్చినవి 64 మాత్రమే.

ఆ 64 కూడా నిజమేనా? ఏ కారణమూ లేకుండానే అమ్మకాలు ఊరికో రకంగా ఊగుతుంటాయి. దీన్ని పరీక్షించడానికి గణితశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. నిరుడు ఇవే వారాలకు, అంతకు ముందు ఏడాది ఇవే వారాలకు, ఇవే ఊళ్ల జట్లతో ఇదే కూడిక తీసివేత చేసి చూడాలి. అప్పుడు వీడియోలు లేవు కాబట్టి తేడా సున్నా దగ్గర రావాలి. ఒక ఏడాది 41 ఎక్కువ, మరో ఏడాది 35 తక్కువ వచ్చాయనుకుంటే, ఊరికే వచ్చే ఊగిసలాట నలభై దాకా ఉందని తెలుస్తుంది. అలాంటప్పుడు 64 మంచి సూచనే కానీ గట్టి రుజువు కాదు. ఇంకో పరిమితి కూడా ఉంది. డబ్బు కట్టని వీడియో ఏ ఊరివాళ్లకైనా చేరుతుంది, దాన్ని ఊళ్ల వారీగా ఆపలేరు. కాబట్టి ఈ పోలిక బూస్ట్ డబ్బు ఫలితాన్నే చెబుతుంది, మొత్తం వీడియోల ఫలితాన్ని కాదు. మేనేజర్‌కి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

పని తీరు గురించి ప్రతిపాదనలో ఎక్కువ రాయనక్కర్లేదు. వారానికి మూడు చొప్పున ఎనిమిది వారాలకు ఇరవై నాలుగు వీడియోలు. వాటిని ఒకరోజు పూట చిత్రీకరణలో మూడేసి తీయాలి, రోజుకొకటి తీద్దామంటే సాగదు. మూడు రకాలుగా విడదీస్తే ఒక్కొక్కటి ఎనిమిదేసి వస్తాయి. తయారీ చూపించేవి ఒక రకం. మిరపకాయల తొడిమలు తీయడం, ఎండబెట్టడం, ఆవపిండి కలపడం లాంటివి. కొనేవాళ్ల ప్రశ్నలకు జవాబులు రెండో రకం. పచ్చడి పైన నూనె ఎందుకు తేలాలి, బూజు ఎందుకు పడుతుంది, తడి చెంచా పెడితే ఏమవుతుంది. ఏ పచ్చడి దేనితో తింటే బాగుంటుందో చూపేవి మూడో రకం. రోజులను మార్చుకుంటూ పోవాలి. ఒక రకం ఎప్పుడూ ఆదివారమే వస్తే, ఆదివారం బలమా ఆ రకం బలమా అన్నది తేలదు. తెర నిలువుగా ఉండాలి, మాటలు తెలుగు అక్షరాల్లో కనిపించాలి, ఎందుకంటే చాలామంది శబ్దం ఆపి చూస్తారు. ఆ అక్షరాలు తెర కిందిభాగంలోనూ కుడి అంచులోనూ పడకూడదు, అక్కడ యాప్ బొత్తాలు వచ్చి కప్పేస్తాయి.

సినిమా పాటల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. మామూలు మనుషుల ఖాతాలకు అందుబాటులో ఉండే పాటలు వ్యాపార ఖాతాలకు చాలావరకు ఉండవు. ఎవరో సిబ్బంది సొంత ఖాతాలో తీసి అతికిస్తే హక్కుదారులు అభ్యంతరం పెట్టవచ్చు, వీడియో మూగబోవచ్చు. రోటి చప్పుడు, తాలింపు చిటపటలు ఈ వ్యాపారానికి అంతకన్నా మంచి సంగీతం. అలాగే ఫలానా పొడి తింటే షుగరు తగ్గుతుందన్న మాట ఉత్సాహంలో నోరుజారినా ప్రమాదమే. ఆహార ప్రకటనల్లో చెప్పే గొప్పలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే నిబంధనలు పెట్టింది. డబ్బులిచ్చి వేరే వంటల పేజీలవాళ్లతో చేయిస్తే, అది ప్రకటన అని వాళ్లు చూసేవాళ్లకు తెలిసేలా చెప్పాలని ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతిపాదనలో ఈ మూడింటికీ ఒక్కో వాక్యం చాలు.

అనుమతుల సంగతికి మాత్రం కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి. అంతర్గత ప్రయోగాలను ఎక్కువగా చంపేది డబ్బు లేకపోవడం కాదు, వీడియో మేనేజర్ ఫోన్‌లో నాలుగు రోజులు చూడకుండా పడి ఉండటం. ఎనిమిది వారాల్లో అలా రెండు మూడుసార్లు జరిగితే ఇరవై నాలుగు వీడియోలు పదమూడు అవుతాయి, అప్పుడు వచ్చిన ఫలితం దేనికీ జవాబు కాదు. అందుకని మేనేజర్ నుంచి కోరే సమయాన్ని కూడా ఖర్చులా అంకెల్లో రాయాలి. మొదట్లో విషయాల జాబితాకు ఒకసారి అరగంట, ఆ తర్వాత ప్రతి వీడియోకి ఇరవై నాలుగు గంటల్లో అభ్యంతరం చెప్పకపోతే పెట్టేయడం, నాలుగో వారం చివర ఒక అరగంట సమీక్ష. నాలుగో వారం సమీక్షలో వీడియోల తీరు మార్చవచ్చు కానీ గెలుపు గీతను మార్చకూడదన్న షరతు కూడా అక్కడే ఉండాలి.

ఇవన్నీ కలిపితే కాగితం పేజీన్నర మించదు. అందులో మొదటి పేరా ఇలా ఉండవచ్చు:

“మేనేజర్ గారికి, జులై మొదటి సోమవారం నుంచి ఎనిమిది వారాల పాటు చిన్న వీడియోల ప్రయోగానికి 84,000 రూపాయలు, నా పనివేళల్లో సగం కేటాయించడానికి మీ అనుమతి కోరుతున్నాను. నా సమయం కలిపితే మొత్తం 1,24,000 అవుతుంది. ఎలాగూ వచ్చేవాళ్లను తీసేశాక వీడియోల ద్వారా వచ్చిన కొత్త కొనుగోలుదారులు 210 మంది లేదా అంతకు మించితే కొనసాగిద్దాం. వంద దాటకపోతే ఆపేద్దాం. మధ్యలో ఉంటే బాగా పనిచేసిన ఒక్క రకం వీడియోలతో, కొత్త సామగ్రి కొనకుండా, మరో నెల మాత్రమే చూద్దాం. లెక్కలన్నీ ఎనిమిదో వారం ముగిసిన పది రోజుల్లో మీ టేబుల్ మీద ఉంటాయి.”

ఈ పేరాలో అతి విలువైనది ఆపేద్దాం అన్న మాట. అడిగేవాళ్లే ఆపే గీతను గీసి ఇస్తే అనుమతించే వాళ్ల భారం సగం తగ్గుతుంది. దానికి ఒక ధైర్యం కావాలి. ఇష్టపడి చేసిన పనికి తానే ముందుగా ముగింపు తేదీ రాయడం తేలికైన పని కాదు. మధ్యస్థ ఫలితానికి ఏం చేయాలో రాయడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే ఎక్కువ ప్రయోగాలు ఆ మధ్యలోనే ముగుస్తాయి.

ఊహించుకున్న సంస్థలో కూడా అదే జరిగిందనుకుందాం. కోడు చెప్పినవాళ్లు, వీడియో చూశామని చెప్పినవాళ్లు కలిపి, ఎవరినీ రెండుసార్లు లెక్కించకుండా, 236 మంది కొత్తవాళ్లు తేలారు. ఎలాగూ వచ్చే నలభై మందిని తీసేస్తే 196. ఊళ్ల పోలికలో 64 ఆర్డర్ల అదనం, మామూలు ఊగిసలాట కన్నా కొంత ఎక్కువ. 196 అన్నది 210కి ఎంత దగ్గరగా ఉన్నా గీత దాటలేదు. సరిగ్గా ఇక్కడే, దాదాపు వచ్చేసింది కదా అని లెక్కను కాస్త సర్దాలన్న కోరిక పుడుతుంది. అడిగినప్పుడు జవాబు చెప్పని వాళ్లలో కొందరినైనా కలుపుదామా అనిపిస్తుంది. అలా కలపడం మొదలైతే తర్వాతి ప్రతిపాదనను మేనేజర్ ఎందుకు నమ్మాలి?

విడదీసి చూస్తే 196లో ఎక్కువ మంది ప్రశ్నలకు జవాబులిచ్చే వీడియోలు వచ్చిన వారాల్లో, వాటి పేరు చెప్పి వచ్చినవాళ్లు. బూజు ఎందుకు పడుతుందన్న వీడియోను దాచుకున్నవాళ్లు, ఇంకొకరికి పంపినవాళ్లు మిగతావాటికన్నా ఎక్కువ. తయారీ వీడియోలకు వ్యూస్ బాగా వచ్చినా ఆర్డర్లు రాలేదు. కాబట్టి మూడో నెలకు వేసేవి జవాబుల వీడియోలు మాత్రమే, వారానికి మూడు, మొత్తం పన్నెండు. సామగ్రి ఉన్నదే కాబట్టి ఆ నెల ఖర్చు ఎడిటర్‌కి 15,000, బూస్ట్‌కి 20,000, సరుకుకు 2,500, సగం జీతం 20,000, మొత్తం 57,500. మనిషికి 600 లెక్కన గిట్టడానికి 96 మంది కొత్తవాళ్లు కావాలి. ఆ నెల పేజీకి ఎలాగూ వచ్చే ఇరవై మందిని తీసేశాక 96 దాటితే కొనసాగింపు, దాటకపోతే ఆపడం. ఈసారి మధ్య గీత లేదు.